పద్నాలుగు పాయింట్ రెండు దగ్గర పడవకి చిల్లు

డిగ్రీ ఆఖరి సంవత్సరం గణితం ప్రాక్టికల్ పరీక్ష రోజు నా బల్ల మీద ఉన్నవి ఇవి: జవాబు పత్రం ఒకటి, గ్రాఫు కాగితం ఒకటి, చెక్క స్కేలు, రెండు పెన్నులు, చేతిరుమాలు, కాలేజీవారు ఇచ్చిన కాలిక్యులేటరు. ఇన్ని గుర్తున్నాయంటే నాకు అదేదో వరం ఉందని కాదు. ఆ తర్వాత అరగంట పాటు వాటి ముందు నిలబడి నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మా కాలేజీ అమలాపురంలో. మా ల్యాబులో వాడే కాలిక్యులేటర్లు కిరాణా కొట్లలో కనిపించే పెద్ద మీటల రకం. పన్నెండు అంకెలు పడతాయి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శాతం, ఇవి కాక మూలన ఒక వర్గమూలం మీట. ఆ మీటతోనే వచ్చింది చిక్కు. వర్గమూలాన్ని చేత్తో, అడుగడుగూ చూపిస్తూ సాధించమని పరీక్ష పెట్టి, ఒక్క నొక్కుతో జవాబు చెప్పేసే యంత్రాన్ని చేతికిస్తే ఎలా? అందుకని మా ల్యాబు బాబాయిగారు ఒక ఆచారం పెట్టారు. ఆయన ల్యాబులో సామాను చూసుకునే ఉద్యోగి, అందరికీ బాబాయిగారే. పరీక్షకు ముందురోజు దెబ్బలకు వేసే గుడ్డ ప్లాస్టరు తెచ్చి, చిన్న చదరాలుగా కత్తిరించి, ప్రతి కాలిక్యులేటరు మీదా ఆ మూలం మీటకు అంటించేవారు. అంతటితో ఆగితే ఆయన బాబాయిగారు ఎందుకవుతారు? బాల్‌పెన్నుతో ప్లాస్టరు మీద సగం, యంత్రం మీద సగం పడేలా ఇంటూ గుర్తు వేసేవారు. ప్లాస్టరు పీకి మళ్లీ అంటిస్తే ఇంటూ కాళ్లు కలవవు. తాలూకాఫీసు సీలు కూడా అంత గట్టిది కాదని ఆయన నమ్మకం.

ఆ ప్రాక్టికల్‌లో నాల్గవ ప్రయోగం స్పర్శరేఖ పద్ధతి. దాన్ని మాకు నేర్పిన మేడమ్‌గారిది రాజోలు దగ్గర గోదావరి గట్టునున్న ఊరు. మొదటి రోజు బోర్డు మీద పెద్ద పడవ అడ్డుకోత గీశారు. గుండ్రటి అడుగు, రెండు పక్కలా పైకి లేచిన గోడలు. మధ్యలో అడ్డంగా గీత గీసి, అది నీటిమట్టం అన్నారు. పడవ నట్టనడుమ సున్నా అనుకుంటే, కుడిగోడ నీటిని తాకే చోటే మనకు కావలసిన వర్గమూలం. ఆ చోటు తెలియదు. తెలిసిన చోటొకటి ఊహించుకుని, అక్కడ పడవ గోడకు బయటినుంచి ఒక గెడ ఆనించండి, గెడ నీటిని ఎక్కడ తాకుతుందో చూడండి, అదే కొత్త ఊహ, మళ్లీ అక్కడికి నిట్టనిలువుగా గోడ మీదికి వెళ్లి గెడ ఆనించండి, అని చెప్పారు. గెడే స్పర్శరేఖ. మూడోసారికి గెడ నీటిని తాకే చోటుకీ, గోడ నీటిని తాకే చోటుకీ మధ్య సుద్దముక్క పట్టడానికి కూడా జాగా మిగల్లేదు.

లెక్కలోకి వస్తే అది మరీ సులువు. ఏ సంఖ్యకు వర్గమూలం కావాలో ఆ సంఖ్యను మన ఊహతో భాగించాలి. వచ్చిన భాగఫలాన్నీ మన ఊహనూ కూడి సగం చేయాలి. ఆ సగటే కొత్త ఊహ. గెడ పని అంతా ఆ ఒక్క సగటు చేసేస్తుంది. ఊహ మూలం కన్నా పెద్దదైతే భాగఫలం చిన్నది, ఊహ చిన్నదైతే భాగఫలం పెద్దది, మూలం ఎప్పుడూ ఆ రెండింటి మధ్యే ఇరుక్కుని ఉంటుంది. కాబట్టి ఆ రెండింటి తేడాలో సగం రాసుకుంటూ పోతే, ఎంత తప్పులో ఉన్నామో దాదాపుగా తెలిసిపోతుంది, అసలు జవాబు తెలియకుండానే.

ఈ చివరి మాట విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. జవాబు తెలియకుండానే తప్పు ఎంతో తెలియడం. అంతకుముందు నేను చదివిన ఏ లెక్కలోనూ అలాంటి మర్యాద లేదు. పైగా ఆ తప్పు మామూలుగా తగ్గదు. దగ్గరికి వచ్చాక, పాయింటు తర్వాత ఒక సున్నా ఉన్న తప్పు, తర్వాతి అడుగుకు మూడో నాలుగో సున్నాల తప్పవుతుంది, ఆ తర్వాత ఏడో ఎనిమిదో. సున్నాలు రెట్టింపు అవుతాయి. వారం రోజులు నేను మనిషిని కాను. కాలేజీకి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎదురొచ్చే ప్రతి లారీ నంబరుకూ, ప్రతి ఆటో నంబరుకూ మూలం తీశాను. మా అమ్మ కొబ్బరికాయలు నూట ముప్ఫై వచ్చాయని ఎవరికో చెబుతుంటే నేను పక్కనుంచి పదకొండు పాయింట్ నాలుగు అన్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసి, ఏం తక్కువ పడ్డాయిరా అని అడిగింది.

ఇక పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరుగారు వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో నాలుగు పెన్నులు, మాట మెత్తన. కుర్రవాళ్లను కూడా అండీ అని పిలిచే పెద్దాయన. అలాంటి వాళ్లు కోప్పడరు, అందుకే భయం. బస్సు దిగి నేరుగా ల్యాబుకు వచ్చి, అందరికీ ఒకే సంఖ్య ఇస్తే ఒకరి దాంట్లోంచి ఒకరు దింపుకుంటారని, ఒక్కొక్కరికీ ఒక్కో సంఖ్య చెబుతూ వచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆలోచించి, నేను వచ్చిన రోడ్డు నంబరే తీసుకోండి అన్నారు. అమలాపురం మీదుగా రాజోలు వైపు పోయే జాతీయ రహదారి. రెండు వందల పదహారు. దాని వర్గమూలం, ఆరు దశాంశాల వరకు, స్పర్శరేఖ పద్ధతిలో.

నాకు పరుగెత్తాలనిపించింది. పదిహేను పదిహేనులు రెండు వందల ఇరవై అయిదు, కాబట్టి మొదటి ఊహ 15. అయిదు నిలువు గడులు గీశాను: అడుగు సంఖ్య, ఊహ, భాగఫలం, సగం తేడా, కొత్త ఊహ. మొదటి అడుగు మరీ తేలిక కదా అని కాలిక్యులేటరు ముట్టుకోకుండా నోటితోనే చేసేశాను. మిగతావన్నీ యంత్రం మీదే. ఈలోగా కరెంటు పోయింది. వేసవి మధ్యాహ్నం, సముద్రం దగ్గరి ఉక్క. మోచేతి నుంచి చెమట కారి కాగితం మీద పడుతోంది. నేను చేతిరుమాలు కింద పరుచుకుని రాస్తూ పోయాను. ఊహలు వరసగా 15, 14.2, 14.7056338, 14.6969410, 14.6969385. సగం తేడాలు 0.8, 0.5056, 0.0087, 0.0000026. ఆ సగం తేడా గడిలో సున్నాలు పేరుస్తూ ఉంటే చేతికి ఒక ఊపు వచ్చింది. ఆ తర్వాతి అడుగుకు భాగఫలమూ ఊహా ఆరు దశాంశాల దాకా ఒకటే, దాంతో పెన్ను దించేశాను. జవాబు 14.696938. ఇంకా నలభై నిమిషాలు మిగిలి ఉన్నాయి.

ఎగ్జామినరుగారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. ముందు జవాబు చూసి తలాడించారు. తర్వాత కాలిక్యులేటరు చూశారు. నేనూ అప్పుడే చూశాను. మూలం మీట మీది ప్లాస్టరు ఒక పక్కనుంచి లేచి, ఎండిన తమలపాకులా ముడుచుకుని ఉంది. ఇంటూ గుర్తులో ఒక కాలు యంత్రం మీదా, ఇంకోటి గాలిలోనూ ఉన్నాయి. చెమటకు జిగురు ఊడింది. అది నాకు తెలుసు. ఆ మీట మీద నా వేలు పడలేదన్న సంగతీ నాకే తెలుసు. ఆయనకు తెలియదు.

ఆయన కొంచెం వంగారు. వేలు పెట్టి నా పట్టికలో రెండో ఊహ మీద ఆపారు.

"ఇదేంటండీ, పద్నాలుగు పాయింట్ రెండు. ఇక్కడికి ఎలా దిగేరు?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. లెక్క ప్రకారం వచ్చిందని చెప్పాను.

"రాదండి. ఒకసారి స్పర్శరేఖ వేసేక ఇంక ఊహ మూలం కన్నా కిందికి దిగదు. పద్నాలుగు పాయింట్ రెండు వర్గం రెండొందల ఒకటీ చిల్లర. రెండొందల పదహారు కంటే తక్కువ. తప్పుదారిలో వెళ్ళినవాళ్లకి సరైన జవాబు ఎలా దొరికిందండి మరి?"

ఇంతే అన్నారు. ఆ తర్వాత ఊడిన ప్లాస్టరు వంక చూశారు. ఆ చూపులో మిగతా వాక్యం ఉంది. మేడమ్‌గారిని పిలిచి, కాపీ కేసులు రాసే కాగితం ఒకటి తెప్పించమని మెల్లగా అడిగారు. ఆవిడ మొహం చూస్తే, ఆ కాగితం ఆవిడ మీదే రాస్తున్నారేమో అన్నట్టు ఉంది. ఆ కాగితం రాస్తే ఆ సెమిస్టరు పరీక్షలన్నీ పోతాయి. డిగ్రీ చేతికి రాదు. కాకినాడలో పీజీ సీటు వచ్చే ర్యాంకు అప్పటికే నా జేబులో ఉంది, దానికి ఆధారం ఈ డిగ్రీ. ఇవన్నీ వరసగా తల్లోకి వచ్చాయి, ఒకటి, రెండు, మూడు అని.

నాలుగోదిగా నా తల్లోకి వచ్చింది పడవ. గెడ. మేడమ్‌గారి గెడ. పడవ గోడకు బయటినుంచి ఆనిన గెడ నీటిని తాకేది ఎప్పుడూ పడవకు బయటే కదా. లోపల తాకాలంటే గెడ గోడలోంచి దూరి వెళ్లాలి. అంటే ఈయన చెప్పింది నిజం. 14.2 అనేది పడవ లోపల. ఎక్కడో చిల్లు ఉంది. నేను మొదటి గడి వంక చూశాను. రెండు వందల పదహారును పదిహేనుతో భాగిస్తే పద్నాలుగు పాయింట్ నాలుగు. నేను రాసింది పదమూడు పాయింట్ నాలుగు. తొందరలో పద్నాలుగు పదిహేనుల్ని రెండు వందల పది అని గుర్తుంచుకుని, కింద పదమూడు వేశాను. కాలిక్యులేటరు అక్కర్లేదని అంత ధీమాగా నోటితో చేసిన ఒకే ఒక్క లెక్క.

నాకు నవ్వు వచ్చేసింది. ఆపుకోవాలని చూశాను, ముక్కులోంచి వచ్చింది. కాపీ కేసు రాయబోతున్న ఎగ్జామినరు ముందు నవ్వడం మా కాలేజీ చరిత్రలో అంతకుముందు లేదనుకుంటాను. పక్క బల్ల మీది మా స్నేహితుడు తల పట్టుకున్నాడు. ఎగ్జామినరుగారు మాత్రం పెన్ను మూత తీయకుండా, నవ్వెందుకండీ అని అడిగారు.

"చిల్లు దొరికిందండి. మొదటి గడిలోనేనండి. పద్నాలుగు రాయాల్సిన చోట పదమూడు రాసేనండి."

తర్వాత ఏం చెప్పానో వరసగా గుర్తుంది, ఎందుకంటే చెబుతూ ఉంటే నాకే కొత్తగా తెలిసింది. ఒకటి, 14.2 తప్పు. రెండు, ఈ పద్ధతికి ముందు ఏం జరిగిందో గుర్తుండదు, దానికి కావలసింది ప్రస్తుతం మీరు నిలబడ్డ చోటు ఒక్కటే. కాబట్టి తప్పు చేసి 14.2కి వచ్చినవాడూ, కావాలని 14.2తో మొదలుపెట్టినవాడూ దానికి ఒకటే. నా తప్పు తప్పుగా మిగలకుండా కొత్త ఊహ అయిపోయింది. మూడు, నాకు నష్టం అంతా కలిపి ఒక్క అడుగు. సరిగ్గా చేసి ఉంటే ఒక వరస తక్కువతో అయిపోయేది. నాలుగు, ఇదే అసలుది. నేను మూలం మీట నొక్కి జవాబు చూసుకుని, దానికి తగ్గట్టు పట్టిక వండి ఉంటే, 14.69 అని ముందే తెలిసినవాడిని 14.2 అని ఎందుకు రాస్తాను? కాపీ కొట్టేవాడు ఇంత వికారమైన గడి రాయడు. 14.2 నుంచి కింది గడులన్నీ సరిగ్గా వచ్చాయో లేదో మీరే చూడండి అన్నాను.

ఆయన చూశారు. నా కాలిక్యులేటరు ముట్టుకోలేదు, తన సంచిలోంచి తనది తీశారు. 14.2తో భాగించారు. 15.2112676. సగటు 14.7056338. నా గడి చూశారు. మళ్లీ భాగించారు. సగటు 14.6969410. నా గడి చూశారు. ఆయన పెదవి చివర ఏదో కదిలింది. అయితే మెత్తటి మనుషులు అంత త్వరగా లొంగరు.

"చెప్పడం బానే చెప్పేరండి. చేసి చూపించండి. ఈసారి ఊహ నేనిస్తాను. ఒకటి."

"ఒకటాండి?"

"ఆయ్, ఒకటే."

రెండు వందల పదహారు మూలానికి ఒకటి అని ఎవరూ ఊహించరు. రాజోలు వెళ్లాల్సినవాడిని విజయనగరంలో దించి నడవమన్నట్టు. కానీ పద్ధతి మీద నమ్మకం నాకు పిచ్చిగా ఉంది. బోర్డు దగ్గరికి వెళ్లమన్నారు. మీట సంగతి ఎవరూ అనుకోకుండా, భాగహారాలు ఆయన తన యంత్రం మీద చేసి అంకెలు చదవాలని, నేను సగటు చేతితో వేయాలని ఏర్పాటు. ఒకటితో భాగిస్తే రెండు వందల పదహారు. సగటు 108.5. ల్యాబులో అందరూ తలలెత్తారు. ఒకటి నుంచి నూట ఎనిమిదికి దూకడం ఏంటని ఎవరో గొణిగారు. గెడను పడవ అడుగున, నీటికి బాగా లోతున ఆనించారు కదా, అది దాదాపు పడుకుని ఉంటుంది, అందుకే నీటిపైకి ఎక్కడో దూరాన తేలింది అని నేను చెబుతుంటే, మేడమ్‌గారి మొహంలోకి మొదటిసారి రక్తం వచ్చింది. ఆవిడ పడవ అది.

108.5 తర్వాత 55.245. తర్వాత 29.578. తర్వాత 18.440. ప్రతిసారీ సుమారు సగమవుతూ, తొందర లేకుండా. ఎగ్జామినరుగారు, ఇది నడకేనండి, పరుగు ఏదీ అన్నారు. వస్తుందండి, మూలం వాసన తగలాలి అన్నాను. 15.0769. అప్పటికి ఎవరూ రాయడం లేదు. తమ పత్రాలు పూర్తయినవాళ్లు బల్లల మధ్యలోకి వచ్చేశారు, పూర్తికానివాళ్లు మెడలు చాపారు. 14.7017. ఇప్పుడు అందరికీ కనబడింది. అంతకుముందు మూలానికి మూడున్నర పైన దూరం, తర్వాత ముప్ఫై ఎనిమిది పైసలంత, ఇప్పుడు అర పైసాకు లోపు. ఎగ్జామినరుగారు తర్వాతి భాగఫలం చదివారు. చదువుతున్నప్పుడు ఆయన గొంతు కొంచెం పెరిగింది, అది నేను గమనించాను. సగటు 14.6969392. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకో అడుగుకు 14.6969385. ఒకటిలోంచి బయలుదేరి ఎనిమిది అడుగుల్లో.

ఈలోగా ఎగ్జామినరుగారికి టీ పట్టుకుని బాబాయిగారు వచ్చారు. ప్లాస్టరు ఊడిన సంగతి ఎవరో చెప్పగానే ఆయన మొహం మాడింది. నా బల్ల దగ్గరికి వెళ్లి, ముడుచుకున్న ఆ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని, వెలుతురుకు చూసి, ఎగ్జామినరుగారి ముందుకు తెచ్చారు.

"పాత ప్లాస్టరు చుట్టలోదండి ఇది. పోయినేడాదిది. కొత్తది తెచ్చే తీరిక లేక వేసేనండి. పీకితే ప్లాస్టరు వెనకాల నూగు మిగుల్తాదండి, ఇది చూడండి, నున్నగా ఉంది. చెమటకి జారింది. తప్పు అబ్బాయిది కాదండి, నాది."

ఎగ్జామినరుగారు ఆ ముక్క అందుకుని, తిప్పి చూసి, వెనక్కు ఇచ్చారు. కాపీ కేసు కాగితాన్ని మడిచి మేడమ్‌గారి చేతిలో పెట్టారు. పద్నాలుగు పాయింట్ రెండే దీనికి సాక్షి అండి, ప్లాస్టరు అక్కర్లేదు అన్నారు. నేను అప్పుడు చొక్కా చేతికి మొహం తుడుచుకున్నాను. అంతవరకు దానికి తీరిక లేదు.

అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ పరీక్షకు ఇంకా పదిహేను నిమిషాలు ఉన్నాయి, పత్రాలన్నీ అయిపోయాయి, కరెంటు ఇంకా రాలేదు, బయటికి వెళితే ఎండ. బాబాయిగారు బోర్డు వంక చూస్తూ, ఎక్కడ మొదలెట్టినా అక్కడికే వస్తాదాండి అని అడిగారు. ఎక్కడ మొదలెట్టినా అన్నారు ఎగ్జామినరుగారు. వెయ్యితో కూడానా? వెయ్యితో కూడా. ఇక ల్యాబులో ఉన్న కాలిక్యులేటర్లన్నీ ఒకేసారి మోగినట్టయింది. అయిదు వందలు, రెండు వందల యాభై, నూట పాతిక అని ఒక మూల నుంచి, అరవై మూడున్నర పైన అని ఇంకో మూల నుంచి. బాబాయిగారు ప్రతి అంకెకూ ఒక వేలు మడుస్తున్నారు. 33.5. 19.98. 15.4. అప్పటికి ఏడు వేళ్లు. 14.713 దగ్గర ఎనిమిదో వేలు. తొమ్మిదో వేలికి 14.696947. పదో వేలికి జవాబు. ఆయన రెండు పిడికిళ్లూ మూసి, వేళ్లు సరిగ్గా సరిపోయాయండి అని ఎగ్జామినరుగారికి చూపించారు.

మా స్నేహితుడు ఊరుకోడు కదా. సున్నాతో మొదలెడదామన్నాడు. కాలిక్యులేటరు మీద రెండు వందల పదహారును సున్నాతో భాగించి, ఆ యంత్రం తప్పు జరిగిందన్న గుర్తుగా E అక్షరం చూపించి కొయ్యబారిపోతే, పైకెత్తి అందరికీ ప్రదర్శించాడు. ఎగ్జామినరుగారు మాకెవరికీ అవకాశం ఇవ్వకుండా తానే సుద్దముక్క అందుకున్నారు. పడవ గీశారు. మేడమ్‌గారి కంటే బాగా గీశారు, ఆయనదీ గోదావరి ఊరే, నది నడుమ లంకలో అని తర్వాత తెలిసింది. పడవ అట్టడుగున నట్టనడుమ గెడ ఆనించి, అది నీటిమట్టానికి సమాంతరంగా పోతున్నట్టు గీత బోర్డు చివరిదాకా లాగి, ఆగి, బోర్డు దాటి గోడ మీద కూడా జానెడు లాగారు.

"ఇదింక ఎప్పుడూ నీటిని తాకదండి. సముద్రందాకా వెళ్లినా తాకదు. ఒక్క సున్నాతో పెట్టుకోకండి, మిగతావాళ్లెవరైనా పర్వాలేదు."

గోడ మీది ఆ గీత చాలాకాలం ఉంది. బాబాయిగారు తుడవలేదు.

నా మార్కులు తర్వాత తెలిశాయి. యాభైకి నలభై తొమ్మిది. తగ్గిన ఒకటి ఎందుకో ఎగ్జామినరుగారు వెళ్లేటప్పుడే చెప్పారు. జవాబు సరైనదే, పద్ధతి సరైనదే, అయినా పదమూడు రాసినందుకు ఒకటి తీసేస్తున్నాను, పద్ధతి మిమ్మల్ని క్షమించింది కానీ నేను క్షమించకూడదు కదండీ అన్నారు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. మొదటి గడిని ఇప్పటికీ రెండుసార్లు చేస్తాను. ముఖ్యంగా తేలికగా కనబడేదాన్ని. నా పట్టికలో రెండో వరసలో ఊహ కంటే భాగఫలం పెద్దదిగా, తల్లకిందులుగా ఉంది. చిల్లు అక్కడే బాహాటంగా నీళ్లు కక్కుతూ ఉంది. గడులు గీయడంలో ఉన్న శ్రద్ధ చదవడంలో లేక నేను చూడలేదు. సున్నాలు లెక్కపెట్టుకుంటూ మురిసిపోతున్నాను.

పరీక్ష అయిన మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. బాబాయిగారు. ముందు క్షేమసమాచారాలు, తర్వాత అసలు సంగతి. ముందురోజు రాత్రి ఆయన లక్షతో మొదలుపెట్టారట, ఇంటికి ఒక కాలిక్యులేటరు పట్టుకెళ్లి, అరుగు మీద కూర్చుని. వేళ్లు చాలక చిక్కుడు గింజలు పెట్టుకున్నారట. ఎన్ని అడుగులని అడిగాను.

"పదిహేడు. నిజంగా అదే వచ్చిందో లేదో అని అనుమానం వచ్చింది అబ్బాయ్. మూలం మీట నొక్కి చూసేను. అదే."

మరి ప్లాస్టరో అన్నాను.

"నేనే పీకేను" అన్నారు బాబాయిగారు.